వేడి మీద ముప్ఫై నాలుగు

వెంకటసుబ్బారావు ముప్ఫై మూడేళ్లు ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్లో పనిచేసి, టైర్లతోపాటు తనూ అరిగి, రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. రిటైరు అన్న మాటలోనే టైరు దాక్కుని ఉందని వీడ్కోలు సభలో డిపో మేనేజరు చమత్కరిస్తే అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అప్పటికే ఆయన నడుము పంక్చరు, మోకాళ్లు స్లో పంక్చరు. టైరుకైతే స్టెప్నీ ఉంటుంది, మనిషికి ఉన్న నడుమొక్కటే.

అలాంటి మనిషి మార్చి నెలాఖరు ఆదివారం, తెల్లవారకముందే లేచి, పెరుగన్నం డబ్బా చేత పట్టుకుని, ఇబ్రహీంపట్నం అవతల ఒక డ్రైవింగ్ శిక్షణ సంస్థవాళ్ల ట్రాక్ పక్కన షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. దూరంగా థర్మల్ స్టేషన్ గొట్టాలు పొగ వదులుతున్నాయి. దగ్గరగా ఆయన నిట్టూర్పులు వదులుతున్నాడు. పొద్దున ఏడింటికే ముప్ఫై డిగ్రీలు.

ఇదంతా కూతురు శ్రీదుర్గ కోసం. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, ఇంజినీరు. ఆఫీసుకి వెళ్లినంత బుద్ధిగా నెలకో ఆదివారం ఇక్కడికొచ్చి తన ఎర్రకారుని గింగిరాలు తిప్పుతుంది. బెజవాడలో ఇలాంటి సరదా ఉన్నవాళ్లు ఓ పదిహేనుమంది కలిసి క్లబ్బు పెట్టుకున్నారు. ఈ నెల మాత్రం సరదా కాస్త సీరియస్సయింది. కోయంబత్తూరులో మూడురోజుల రేసు శిక్షణకి క్లబ్బుకి ఒకే ఒక్క సీటిచ్చారు. ఈ రోజు మూడు విడతల్లో ఎవరు డెబ్బై మూడు సెకన్లలోపు ఒక చుట్టు పూర్తిచేస్తే సీటు వాళ్లది. ఇద్దరు చేస్తే వేగంగా చేసినవాళ్లది. ఎవరూ చేయకపోతే సీటు గుంటూరు క్లబ్బుకి పోతుంది, అంతకంటే అవమానం ఉండదని బెజవాడవాళ్ల నమ్మకం.

శ్రీదుర్గ పోయిన నెల డెబ్బై మూడున్నర చేసింది. అంటే ఆమెకీ కోయంబత్తూరుకీ మధ్య దూరం అర సెకను. రైల్లో అయితే ఒక రాత్రంతా పడుతుంది.

కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నవాడు సుభాని. ఆటోనగర్‌లో టైర్ల షాపు. నలభై ఏళ్లుగా లారీల చక్రాలు తిప్పి, ఈ కుర్రాళ్ల మోజు చూసి రేసు టైర్ల సంగతి కూడా పట్టుకున్నాడు. చేతిలో గాలి గేజి, జేబులో సూది థర్మామీటరు, నోట్లో వక్కపొడి. ఆయన చెబుతుంటే రాసుకునేవాడు చక్రి, శ్రీదుర్గ ఆఫీసు స్నేహితుడు. ఆ పొద్దున్నే గేజి చెయ్యిజారి సిమెంటు మీద పడేసి, అప్పటికే ఒకసారి తిట్లు తిన్నాడు.

"ఎడమ రెండూ ఇరవై ఏడు, కుడి రెండూ ఇరవై ఎనిమిది. రాసుకున్నావా?" అన్నాడు సుభాని.

కుర్చీలో సుబ్బారావు నిటారుగా అయ్యాడు. "ఎంతా?"

"ఇరవై ఏడండీ."

"కారు డోరు తీస్తే స్టిక్కరుంది చూడు సుభానీ. ముప్ఫై మూడని కంపెనీవాడే అచ్చేశాడు. ఇరవై ఏడేంటయ్యా? టైరుకి గాలి కొడుతున్నావా, ఉపవాసం చేయిస్తున్నావా?"

సుభాని నవ్వాడు. "ఆ ముప్ఫై మూడు సంసారులకండీ. నలుగురెక్కి, డిక్కీలో మామిడికాయల బస్తా వేసుకుని హైదరాబాదు పోయేవాళ్లకి. ఇక్కడ చల్లగా ఎంతుందని కాదు లెక్క, వేడెక్కినాక ఎంతైందని. ఐదు చుట్లు కొట్టేసరికి లోపల గాలి కాగుద్ది, ప్రెషరు ఏడు పెరుగుద్ది. వేడి మీద ముప్ఫై నాలుగు రావాలంటే పొద్దున ఇరవై ఏడు పెట్టాల."

"మరి కుడివైపు ఇరవై ఎనిమిదెందుకు?"

"ఈ ట్రాకులో మలుపులన్నీ దాదాపు కుడివైపే. బండి బరువంతా ఎడమ టైర్ల మీద పడుద్ది, అవి ఎక్కువ కాగుతయ్, ఎక్కువ పెరుగుతయ్. అందుకని ముందే ఒకటి తగ్గించాం. తిరిగొచ్చేసరికి నాలుగూ ఒకటే అవుతయ్."

సుబ్బారావు మళ్లీ వెనక్కి వాలాడు. డిపోలో నాలుగు చక్రాలకీ నాలుగు రకాలుగా గాలి పెట్టినవాడిని మెమో ఇచ్చి ఇంటికి పంపేవాళ్లు. ఇక్కడ వాడిని నిపుణుడంటున్నారు. ఇదేదో గాలివాటం శాస్త్రంలా ఉందనుకున్నాడు. పైకి అనలేదు. అనడానికి ఓపిక కావాలి.

"నాన్నా, నువ్వు నిద్రపో కాసేపు," అంది శ్రీదుర్గ హెల్మెట్టు పెట్టుకుంటూ.

ఆయన నిద్రపోలేదు. పదిహేను నిమిషాలపాటు ఆ ఎర్రకారు మలుపుల్లో ఒరుగుతుంటే, టైర్లు కుయ్‌మంటుంటే, ప్రతి కుయ్యికీ ఆయన గుండె వేరే గేరులో పడింది.

కారు ఆగీ ఆగకముందే సుభాని ఎడమ ముందు టైరు దగ్గర కూర్చుని సూది దించాడు. "చప్పున చూడాల. నిమిషం దాటితే టైరు అబద్ధం చెప్పుద్ది. రాయి చక్రీ. లోపలి అంచు తొంభై నాలుగు డిగ్రీలు. మధ్య తొంభై. బయటి అంచు ఎనభై ఆరు. గాలి ముప్ఫై నాలుగు."

"అంటే ఏమిటట?" అని అడిగాడు సుబ్బారావు, ఆసక్తి కంటే అనుమానం ఎక్కువగా.

"చక్రం పైన కాస్త లోపలికి వాల్చి పెట్టామండీ, అందుకని లోపలి అంచు ఎక్కువ వేడిగా ఉంటది. అది పర్లేదు. చూడాల్సింది మధ్యని. రెండంచుల లెక్క కలిపి సగం చేస్తే తొంభై, మధ్యా తొంభై. టైరు వెడల్పంతా రోడ్డుకి ఆనుతోందన్నమాట. నడుం వంచకుండా కూర్చున్న మనిషిలాగా."

నడుము ప్రస్తావన సుబ్బారావుకి నచ్చలేదు.

శ్రీదుర్గ టైము డెబ్బై మూడు పాయింట్ నాలుగు. బాగుందని ఆమే అంది. మలుపులో ముక్కు చక్కగా తిరుగుతోందనీ, ఇంకో నాలుగు పదోవంతులు తన కాలిలోనే ఉన్నాయనీ, రెండో విడతలో దొరుకుతాయనీ అంది.

*

మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ శిక్షణ సంస్థ షెడ్డులోకి భోజనానికి వెళ్లారు. "నేను పెరుగన్నం తిన్నాను, బండి దగ్గర ఉంటాలే," అన్నాడు సుబ్బారావు. నిజంగానే తిన్నాడు. నిజంగానే అలిసిపోయి ఉన్నాడు. కాని బండి దగ్గర ఉన్నది అందుకు కాదు.

ఆయన సంచిలో పెరుగన్నం డబ్బా కింద ఒక గేజీ, ఒక కాలిపంపూ ఉన్నాయి.

గేజి ఆయన సొంతది. ఆ నెలలోనే ఆటోనగర్ పోయి, సుభాని షాపులోనే పెద్ద గేజితో సరిచూసుకున్నాడు. మనుషులు బీపీ చూపించుకున్నట్టు ఆయన గేజికి పరీక్ష చేయిస్తాడు. అటూ ఇటూ చూసి, మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగి, ఎడమ ముందు టైరుకి పెట్టాడు. ఇరవై తొమ్మిది. మధ్యాహ్నం ఎండకి టైరు కాగి రెండు పెరిగిందన్న లెక్క ఆయన వేయలేదు. ముప్ఫై మూడుకి నాలుగు తక్కువన్న లెక్క ఒక్కటే వేశాడు.

పధ్నాలుగేళ్ల కిందట అవనిగడ్డ రూటులో ఒక బస్సు ముందు టైరు పేలి కరకట్ట దిగిపోయింది. డ్రైవరు ఆసుపత్రి చేరలేదు. గాలి తక్కువైన టైరు పక్క గోడలు మడతలు పడి పడి, కాగి, పేలిందని విచారణలో తేల్చారు. ఆ ముందురోజు రిజిస్టర్లో గాలి సరిపోయిందని సంతకం పెట్టినవాడి పేరు చదివారు. అది సుబ్బారావు పేరు. ఆయన తప్పేం లేదని చివరికి రాశారు, దారిలో మేకు దిగిందట. కాని ఆ పేరు చదివిన గొంతు ఆయన చెవిలోంచి దిగలేదు. అప్పట్నుంచీ గాలి తక్కువైన టైరుని చూస్తే, అది పక్కింటి సైకిలుదైనా, ఆయన ఆగి చెప్పిపోతాడు. వీధిలో పిల్లలు ఆయన్ని గాలిమాస్టరంటారు.

కాలిపంపు తొక్కడం మొదలుపెట్టాడు. టైరుకి నలభై, యాభై తొక్కుళ్లు. నాలుగు టైర్లకి నూటడెబ్బై పైచిలుకు, నలభై ఒక్క డిగ్రీల ఎండలో, అరవై ఏళ్ల కాలితో. గాలి టైర్లలోకి పోతుంటే ప్రాణం తనలోంచి పోతున్నట్టుంది. అయినా వదల్లేదు. నాలుగూ సమానంగా ముప్ఫై మూడు. మూతలు బిగించి, పంపు సంచిలో దాచి, కుర్చీలో పడేసరికి చొక్కా పిండితే బిందె నిండేలా ఉంది. చాలా కాలం తర్వాత ఆయనకి మనశ్శాంతిగా కునుకు పట్టింది.

భోజనం నుంచి వచ్చి శ్రీదుర్గ తండ్రి ముఖం చూసింది. "వడదెబ్బ కొట్టేట్టుంది నాన్నా, ఇంటికి పోరాదూ?"

"ఏం లేదమ్మా. నువ్వు పద."

టైర్లకి గాలి పెట్టింది పొద్దున, కొలవాల్సింది వేడి మీద. మధ్యలో ఎవరూ గేజి పెట్టలేదు.

*

రెండో విడతలో కారు మాట వినలేదు. సుబ్బారావుకి కుర్చీలోంచే తెలిసింది. మలుపులో స్టీరింగు తిప్పినా ముక్కు తిరక్క, కారు బయటికి జారిపోతోంది. ఒకసారి గడ్డిలోకి రెండు చక్రాలు దిగి మళ్లీ ఎక్కింది. దుమ్ము లేచింది. సుబ్బారావు కూడా లేచాడు. మోకాళ్లు వద్దన్నా లేచాడు.

శ్రీదుర్గ కారు దిగి హెల్మెట్టు తీసి బానెట్ మీద పెట్టింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. "డెబ్బై ఐదు. దాదాపు రెండు సెకన్లు వెనక్కి పోయా. సబ్బు మీద నడుపుతున్నట్టుంది బాబాయ్."

సుభాని అప్పటికే సూది దించాడు. "లోపల తొంభై రెండు." జరిపాడు. "మధ్య..." ఆగాడు, మళ్లీ గుచ్చాడు. "నూట మూడు. బయట ఎనభై ఆరు." గేజి పెట్టాడు. "ముప్ఫై తొమ్మిది."

 చక్రి పెన్ను పైకెత్తి, "ముప్ఫై తొమ్మిదా?" అన్నాడు.

"పొద్దున ముప్ఫై నాలుగొచ్చింది. అదే టైరు, అదే గాలి, అదే ట్రాకు. ఎండ కాస్త పెరిగింది, ఒకటి పెరిగితే పెరగాల. ఐదెట్టా పెరుగుద్ది?" అన్నాడు సుభాని.

శ్రీదుర్గ చక్రి వైపు తిరిగింది. "పొద్దున పడేశావుగా గేజిని."

"పడేసింది మొదటి విడతకి ముందేగా. అప్పుడు ముప్ఫై నాలుగు సరిగ్గానే చూపించింది."

"అప్పుడు బాగుంది, ఎండలో పడుండి ఇప్పుడు చెడింది. దెబ్బ తగిలింది ఒకసారి, ప్రాణం పోయేది నిదానంగా. నీకేం, రాసుకునేవాడివి."

"అంతా నామీదకే తోస్తారేంటి. నేను పడేసింది గేజిని, నీ టైముని కాదు."

పక్క టెంటు నుంచి ఒక గేజి అరువు తెచ్చారు. పెన్నులా ఉండే చవకరకం. మొదటిసారి ముప్ఫై ఐదంది, రెండోసారి నలభై అంది, మూడోసారి ఊరుకుంది. తిరిగిచ్చేశారు.

"సరే," అంది శ్రీదుర్గ, నేల మీద కూర్చుంటూ. ఆమె గొంతులో తండ్రి గొంతు వినిపించింది, అదే అలసట. "మన గేజి ఐదు ఎక్కువ చూపిస్తోంది. అసలున్నది ముప్ఫై నాలుగే. టైర్లలో తప్పులేదు. తప్పు నాదే. స్టీరింగు ఎక్కువ తిప్పి టైర్లని సతాయించా. ఇప్పుడు గాలి తీస్తే ఇరవై తొమ్మిదికి పోతుంది, ఇంకా పాడవుతుంది. ముట్టుకోవద్దు. చివరి విడత నెమ్మదిగా, జాగ్రత్తగా నడుపుతా."

"నెమ్మదిగా నడిపితే డెబ్బై మూడెట్టా వస్తుంది?" అన్నాడు చక్రి.

"రాదు. గుంటూరుకి పోతుంది. పోనీ."

సుభాని సూదిని గుడ్డతో తుడుస్తూ తల అడ్డంగా ఊపాడు. "గేజి అబద్ధమాడొచ్చమ్మా. సూదికేం పని? మధ్య నూట మూడు. అంచులు చూస్తే ఎనభై తొమ్మిది ఉండాల్సింది. గాలి ఎక్కువైతే టైరు మధ్యలో పొట్టొచ్చుద్ది. ఆ పొట్ట ఒక్కటే రోడ్డుకి రాసుకుని కాగుద్ది, అంచులు గాల్లో ఉంటయ్. పట్టు సగమే. అందుకే జారింది. నువ్వు స్టీరింగు సతాయిస్తే బయటి అంచు కాగాల, మధ్య కాదు."

"మరి గాలి ఎక్కడ్నుంచొచ్చింది బాబాయ్? ఆకాశం నుంచా?"

"అదే నాకూ తెలీట్లా."

"తెలీనప్పుడు మనం నమ్మేది పొద్దున పెట్టిన ఇరవై ఏడునే. ఇంకా గంట ఉంది, నేను పడుకుంటా."

ఆకాశం నుంచి వచ్చిన గాలి కుర్చీలో కూర్చుని ఉంది.  సుబ్బారావు నోరు మెదపకపోతే ఇల్లు చేరేది కూతురు క్షేమంగా, నెమ్మదిగా, ఓడిపోయి. సాయంత్రం టీ తాగుతూ చక్రిని నాలుగు తిడుతుంది. కోయంబత్తూరు ఉండదు. పెద్ద ట్రాకులు, పెద్ద స్పీడులు ఏవీ ఉండవు. ఆదివారాలు భార్య శివపార్వతి చేసే పెసరట్లు తిని పడుకోవచ్చు. ఆయన చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో అంత తేలిక పని ఆయనకెవరూ ఇవ్వలేదు.

"సుభానీ," అన్నాడు. "గాలి తక్కువైతే ఆ సూది ఏం చెప్పుద్ది?"

"అంచులు రెండూ కాగుతయ్, మధ్య వెనకబడుద్ది. టైరు మధ్యలో గుంటపడి అంచుల మీద నిలబడుద్ది కదండీ."

"పొద్దున ముప్ఫై నాలుగు ఉన్నప్పుడు అట్టా లేదుగా."

"లేదు. మధ్య సరిగ్గా సగంలో ఉంది."

"అంటే... గోడలు మడత పడట్లేదు."

"మడత పడేట్టయితే సూది ముందే చెప్పుద్దండీ. పేలాక కాదు, విడత విడతకీ చెప్పుద్ది. డిపోలో మీకు టైరుని కడ్డీతో కొట్టి చప్పుడు వినడం ఒక్కటే ఉండేది."

 సుబ్బారావు సంచిలో చెయ్యి పెట్టి, పెరుగన్నం డబ్బా పక్కకి జరిపి, గేజి తీశాడు. దాని వెనకే కాలిపంపు గొట్టం పాము తలలా బయటికొచ్చింది.

శ్రీదుర్గ లేచి కూర్చుంది. గేజిని చూసింది, గొట్టాన్ని చూసింది, తండ్రి చొక్కా మీద ఎండిన ఉప్పుమరకలు చూసింది. ఇంజినీరు పిల్ల కదా, లెక్క త్వరగానే తేలింది.

"నాన్నా."

"నాలుగూ ముప్ఫై మూడు చేశానమ్మా. స్టిక్కరు ప్రకారం. మీరు భోజనానికి పోయినప్పుడు."

"ఆ ఎండలో? కాలిపంపుతో?"

"ఆ."

చక్రి పుస్తకం మూసేశాడు. "అంకుల్, పది నిమిషాల నుంచీ నన్ను ఉతికి ఆరేస్తుంటే కూర్చుని చూశారు కదండీ. ఒక్క మాటనొచ్చుగా."

"తప్పే నాయనా. నీ గేజి మంచిదే."

శ్రీదుర్గ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది ఆయనకి. "నేను గెలవకూడదనా?" అని అడిగింది.

 ఆయన ఎండకి కళ్లు చికిలించి ట్రాకు వైపు చూశాడు. "గాలి కొట్టింది మాత్రం భయంతోనేనమ్మా. ఇరవై ఏడు చూస్తే చేతులాగలేదు. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చున్నది చూడు, అది ఇంకో భయం. నువ్వు గెలిస్తే అక్కడికి పోతావని. అది లేదని చెప్పను."

 సుభాని గొంతు సవరించుకున్నాడు. "తండ్రీకూతుళ్ల పంచాయితీ ఇంటికాడ పెట్టుకోండి. టైర్లు చల్లారిపోతున్నయ్. సుబ్బారావుగారూ, మీ గేజి నా షాపులో సరిచూసిందేగా, పెట్టండి."

సుబ్బారావు వంగి పెట్టాడు. ముప్ఫై ఎనిమిది. చక్రి పడేసిన గేజి పెట్టారు. అదీ ముప్ఫై ఎనిమిదే.

"మాటల్లో ఒకటి దిగింది. అందుకని ఇప్పుడు ముప్ఫై నాలుగుకి కాదు, ముప్ఫై మూడుకి తీస్తే, మళ్లీ కాగినాక ముప్ఫై నాలుగు అవుద్ది," అన్నాడు సుభాని. "తీయండి."

"నేనా?"

"కొట్టినోళ్లే తీయాల."

డిపోలో టైర్ల సెక్షను గోడ మీద ఎర్రరంగుతో ఒక మాట రాసుండేది: వేడి టైరులో గాలి తీయరాదు. రాయించింది సుబ్బారావే. రోడ్డు మీద తిరిగే బండికి అది సరైన మాట. వేడిలో పెరిగిన గాలి చూసి ఎక్కువైందనుకుని తీస్తే, చల్లారాక టైరు చతికిలబడుతుంది. ముప్ఫై మూడేళ్లు ఆ మాట కొత్తవాళ్లకి నూరిపోశాడు. ఇప్పుడు వేడి టైరు పక్కన మోకాళ్లూని, వాల్వు పిన్ను గోటితో నొక్కాడు. గాలి బుస్సుమంది. వేడిగా, రబ్బరు కంపుతో, ముఖానికి కొట్టింది. ముప్ఫై ఏడు. నొక్కాడు. ముప్ఫై ఆరు. జీవితంలో చాలామంది ఆయన గాలి తీశారు, ఆయన గాలి తీయడం ఇదే మొదలు. గోరు జారి ఒకచోట ముప్ఫై రెండున్నరకి పోతే, మళ్లీ పంపుతో నాలుగు తొక్కుళ్లు తొక్కాడు. ఆ నాలుగూ చక్రి తొక్కుతానన్నా ఇవ్వలేదు. కుడివైపు టైర్లు కాస్త తక్కువ కాగాయని, వాటిలోంచి తీయాల్సింది కూడా కాస్త తక్కువేనని సుభాని చెబితే తలూపాడు. నాలుగూ అయ్యేసరికి పావుగంట పట్టింది. లేవలేకపోతే శ్రీదుర్గ చెయ్యిచ్చి లేపింది. చెయ్యి ఇచ్చింది కాని ముఖం ఇవ్వలేదు.

*

చివరి విడత నాలుగింటికి. ఎండ కొంచెం పక్కకి వాలింది, వేడి వాలలేదు. మిగిలినవాళ్లలో ఒకతను డెబ్బై రెండు పాయింట్ తొమ్మిది చేశాడని మైకులో చెప్పారు. శ్రీదుర్గ విని, గ్లోవ్స్ బిగించుకుని, కారెక్కింది.

సుబ్బారావు ట్రాకు చూడలేదు. కుర్చీ తిప్పుకుని థర్మల్ గొట్టాల వైపు కూర్చున్నాడు. చెవులు మాత్రం తిప్పుకోలేకపోయాడు. మలుపుల్లో టైర్ల చప్పుడు పొద్దుటిలాగే కుయ్‌మంది, మధ్యాహ్నంలా అరవలేదు. పొద్దుటి చప్పుడుకి భయపడ్డాడు. ఇప్పుడు అదే చప్పుడు కావాలని వింటున్నాడు. అలసట ఎంత పెద్దదంటే, భయపడటానికి కూడా ఎవరైనా సాయం వస్తే బాగుండుననిపించింది.

కారు వచ్చి ఆగింది. సుభాని లేవబోతుంటే సుబ్బారావు చెయ్యి చాపాడు. "ఆ సూది ఇట్టా ఇవ్వు."

"మీకు అలవాటు లేదండీ, చప్పున తీయాల."

"నాకంటే చప్పున టైరు చూసినోడు ఈ జిల్లాలో లేడు. ఇవ్వు."

ఎడమ ముందు టైరు. రబ్బరులోకి సూది మెత్తగా దిగింది. అంకె పరుగెత్తి పరుగెత్తి నిలబడింది. "లోపల తొంభై మూడు." జరిపాడు. "మధ్య తొంభై." మళ్లీ జరిపాడు. చెమట కంట్లో పడింది, తుడుచుకోలేదు. "బయట ఎనభై ఏడు." గేజి పెట్టాడు. ముప్ఫై నాలుగు. అటు తిరిగి కుడివైపు పెట్టాడు. ముప్ఫై నాలుగు. టైరు పక్కగోడ మీద అరచెయ్యి వేసి, కాలుతున్నా కాసేపు ఉంచాడు. మడత లేదు, పొంగు లేదు, పొర లేవలేదు.

శ్రీదుర్గ డోరు తీసుకుని నిలబడి ఇదంతా చూస్తోంది. హెల్మెట్టు ఇంకా తీయలేదు. "నాన్నా, టైమెంతొచ్చిందో అడగవా?"

"ఉండమ్మా, వెనకవి రెండు చూడనీ."

చూశాడు. చక్రి రాసుకున్నాడు. అప్పుడు నడుము పట్టుకుని లేచి, కారుకి ఆనుకుని, "ఎంత?" అన్నాడు.

"డెబ్బై రెండు పాయింట్ ఆరు."

చక్రి అప్పటికే మైకు దగ్గరికి పరుగెత్తుతున్నాడు. సుభాని వక్కపొడి పొట్లం విప్పి అందరికీ చాపాడు, బహుశా ఆయనకి తెలిసిన పండగ అదే. శ్రీదుర్గ హెల్మెట్టు తీసి తండ్రి ముఖంలోకి చూసింది. సంతోషం ఎంతుందో, భయం ఎంతుందో, మధ్య ఎంతుందో సూది లేకుండానే చదివింది.

"మూడు రోజులు నాన్నా. పెద్ద ట్రాకు. మెయిన్ స్ట్రెయిట్లో నూటయాభై పోతారట."

"ఊఁ."

"ఇంట్లో కూర్చుని ఫోన్ పట్టుకుని చావకు. అమ్మ నన్ను చంపుతుంది."

సుబ్బారావు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోవడం అనడం మర్యాద, కూలడం నిజం. కళ్లు మూసుకున్నాడు. పాదాల కింద నేల ఇంకా వేడిగా ఉంది. నిద్రపోయాడనుకుని శ్రీదుర్గ పక్కన ఫ్యాను ఆయన వైపు తిప్పింది.

"అక్కడ," అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే, "పొద్దున పూట ఎన్ని డిగ్రీలుంటది?"

"తెలీదు. కనుక్కుంటా. ఎందుకు?"

"చల్లగా ఎంత పెట్టాలో లెక్క వేయాలిగా. వేడి మీద ముప్ఫై నాలుగు రావాలంటే."

"అక్కడ టైర్లు వాళ్లవే నాన్నా, వేరే రకం. వాటికి ముప్ఫై నాలుగు కాకపోవచ్చు. వాళ్లే చెబుతారు."

"చెప్పనీ," అన్నాడు సుబ్బారావు. "మధ్యలో ఎంతుందో మాత్రం అడుగు. రోజూ అడుగు. రాత్రి నాకు చెప్పి పడుకో."